ప్లేటులో అజినోమోటో ఎంత పడుతోంది? తలనొప్పి దానిదేనా?

ప్రశ్న: మా ఆయన నకిరేకల్‌లో సాయంత్రం పూట నూడుల్స్, ఫ్రైడ్ రైస్ బండి నడుపుతాడు. రోజుకు అరవై ప్లేట్ల దాకా పోతాయి. అజినోమోటో కిలో ప్యాకెట్ తెస్తే పది రోజులు వస్తుంది. నేనూ బండి దగ్గరే ఉంటా. రాత్రి పదకొండుకు కట్టేసే ముందు నేనొక ప్లేటు తింటే ఒక్కోసారి తల బరువెక్కి నొస్తుంది, తెల్లారేదాకా ఒకటే దూప. మా ఆడబిడ్డ అది విషం, పిల్లల మెదడు పాడవుతుంది అంటుంది. ఆయనేమో అందరూ వేసేదే, ఏం కాదు అంటాడు. ఇంట్లో ఏడేండ్ల బాబు ఉన్నాడు, మా మామకు బీపీ. ఎవరి మాట వినాలి?
— ఒక చెల్లెలు, నకిరేకల్

జవాబు: చెల్లెమ్మా, కిలో ప్యాకెట్ పది రోజులు వస్తుందని రాశారు చూడండి, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఆ ఒక్క మాటే. ఈ పొడి గురించి అడిగేవాళ్లలో చాలామంది ‘ఏదో కొద్దిగా వేస్తాం’ అని ఊరుకుంటారు. ఎంత పడుతుందో తెలియకుండా మంచిదా చెడ్డదా అని వాదించుకుంటే తెల్లారినా తెగదు. మీ లెక్క ప్రకారం పది రోజులకు 600 ప్లేట్లు, 1000 గ్రాముల పొడి. అంటే ప్లేటుకు దాదాపు 1.7 గ్రాములు, టీ చెంచాలో మూడో వంతు. ఈ అంకెను గుర్తుంచుకోండి, చివరిదాకా దీనితోనే పని.

ముందు ఆ పొడి ఏమిటో చెప్తాను. దాని అసలు పేరు మోనోసోడియం గ్లుటమేట్. ప్యాకెట్ల మీద ఎంఎస్‌జీ అనో, 621 అనే నంబరుతోనో రాస్తారు. అరచేతిలో కొంచెం పోసుకుని వెలుతురులో చూడండి. ఉప్పు పలుకుల్లా ఉండవు, సన్నటి సూదుల్లా తళతళలాడుతుంటాయి. ఒక పలుకు నాలుక మీద వేసుకుంటే ఉప్పదనం తక్కువగానే తెలుస్తుంది. కాసేపటికి నోట్లో నీళ్లూరి, బొక్కల చారు తాగాక మిగిలే కమ్మదనం లాంటిది నాలుకను పట్టుకుంటుంది. ఆ కమ్మదనం కోసమే మీ ఆయన వేస్తున్నది.

మనం తినే ప్రొటీన్లన్నీ ఇరవై రకాల అమైనో ఆమ్లాలతో తయారవుతాయి. వాటిలో ఒకటి గ్లుటామిక్ ఆమ్లం. దానికి సోడియం జతపడితే ఈ పొడి. 1908లో టోక్యోలో కికునాయె ఇకెడా అనే రసాయన శాస్త్ర ప్రొఫెసర్, జపాన్ వాళ్లు చారుకు వాడే కొంబు అనే సముద్రపు నాచుకు అంత రుచి ఎక్కడిదా అని వెతికి, దాని నుంచి దీన్ని వేరుచేశాడు. మరుసటి ఏడాదికే అది సీసాల్లో అమ్మకానికి వచ్చింది. ఇప్పుడు నాచు నుంచి తీయడం లేదు. చెరకు మడ్డినో, కర్రపెండలం పిండినో ఒక రకం బ్యాక్టీరియాతో పులియబెట్టి, వచ్చిన ఆమ్లాన్ని శుద్ధి చేసి పలుకులు కట్టిస్తారు. మీ ఆడబిడ్డ ‘కెమికల్’ అని కూడా అనే ఉంటుంది. ఆ మాటకొస్తే ఉప్పూ కెమికలే. అడగాల్సింది మోతాదు గురించి.

ఈ గ్లుటమేట్ మీ ఇంట్లో రోజూ ఉండేదే. బాగా పండిన ఎర్రటి టమాట వంద గ్రాములు తీసుకుంటే అందులో 150 నుంచి 250 మిల్లీగ్రాముల గ్లుటమేట్ విడిగా ఉంటుంది. పచ్చి కాయలో తక్కువ, పండేకొద్దీ పెరుగుతుంది. టమాట తొక్కుకు దోరకాయలు కాకుండా మెత్తబడిన పండ్లే ఎందుకు ఏరుకుంటామో ఇప్పుడు అర్థమవుతుంది కదా. కిలో పండు టమాటలు ఇగురబెట్టి తొక్కు చేస్తే అందులో ఉండే గ్లుటమేట్ ఇంచుమించు మీ బండి మీద ఒక ప్లేటులో పడేంత. పచ్చి బఠానీలో, మక్క కంకిలో, పుట్టగొడుగుల్లో, ఉల్లిగడ్డలో కూడా ఎంతో కొంత ఉంటుంది. సోయా సాస్‌లోనైతే చాలా ఎక్కువ, ఎందుకంటే పులిసేటప్పుడు సోయా ప్రొటీన్ విరిగి గ్లుటమేట్ బయటికి వస్తుంది. తల్లిపాలలో ఆవుపాల కంటే దాదాపు పది రెట్లు ఉంటుంది.

ఇది విడిగా ఉన్న గ్లుటమేట్ సంగతి, నాలుకకు తెలిసేది ఇదే. పప్పు, కోడిగుడ్డు, గోధుమ రొట్టె, మాంసంలో ప్రొటీన్‌తో ముడిపడి ఉన్నది నోటికి తెలియదు కానీ, కడుపులో అరిగాక అదీ గ్లుటమేట్‌గానే విడిపోతుంది. అలా తిండిలోని ప్రొటీన్ నుంచి పెద్దవాళ్లకు రోజుకు 13 గ్రాముల గ్లుటమేట్ అందుతుందని అమెరికా ఆహార, ఔషధ సంస్థ అంచనా. టమాట నుంచి వచ్చినదా, పొడి నుంచి వచ్చినదా అని పేగులు తేడా చూడవు. పేగు గోడలోని కణాలే అందులో అధిక భాగాన్ని తమ శక్తి కోసం వాడేసుకుంటాయి, రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. అయితే ఒక తేడా ఉంది. ఖాళీ కడుపున, నీళ్లలోనో పలుచటి సూప్‌లోనో కలిపి ఒక్కసారే ఎక్కువ తాగితే రక్తంలో కాసేపు పెరుగుతుంది. అన్నం, నూడుల్స్ లాంటి పిండి పదార్థంతో కలిపి తింటే అంతగా పెరగదు.

తలనొప్పి మాట ఎక్కడ మొదలైందో చూస్తే, దానికి ఒక చిన్న ఉత్తరం కారణం. 1968లో అమెరికాలోని రాబర్ట్ హో మాన్ క్వాక్ అనే డాక్టర్, చైనీస్ హోటల్లో తిన్నప్పుడల్లా తనకు మెడ వెనక తిమ్మిరి, నీరసం, గుండె దడ వస్తున్నాయని ఒక వైద్య పత్రికకు రాశాడు. కారణం సోయా సాస్ కావచ్చు, వంటలో వాడే వైన్ కావచ్చు, ఎంఎస్‌జీ కావచ్చు, ఎక్కువైన ఉప్పు కావచ్చు అని ఆయన అన్నీ అడిగాడు. జనం మాత్రం ఒక్క ఎంఎస్‌జీనే పట్టుకున్నారు. ఆ తర్వాత ఏడాది జాన్ ఓల్నీ అనే పరిశోధకుడు పుట్టిన కొద్ది రోజుల ఎలుక పిల్లలకు దీన్ని చర్మం కింద ఇంజెక్షన్ ఇస్తే మెదడులో ఒక భాగం దెబ్బతిన్నది. మీ ఆడబిడ్డ చెప్పే మెదడు మాటకు మూలం అదే. ఆ ప్రయోగం నిజమే, అబద్ధమని అనను. కానీ ఆయన ఇచ్చిన మోతాదు ఒంటి బరువులో కిలోకు 4 గ్రాముల దాకా ఉంది, అది కూడా పేగుల దారి పట్టకుండా నేరుగా రక్తంలోకి పోయేలా. ఆ లెక్కన యాభై కిలోల మనిషికి 200 గ్రాములు, అంటే మీ కిలో ప్యాకెట్‌లో అయిదో వంతు సూదితో ఎక్కించాలి. ప్లేటు నూడుల్స్‌తో దానికి పోలికే లేదు.

మనుషుల మీద చేసిన పరీక్షల్లో నాకు బాగా నచ్చింది 2000లో అచ్చయినది. ఎందుకు నచ్చిందంటే, ఎవరిని పడితే వాళ్లను పిలవలేదు. ‘ఎంఎస్‌జీ నాకు పడదు’ అని తమంతట తాము చెప్పుకున్న 130 మందినే తీసుకున్నారు. తిండి ఏమీ పెట్టకుండా ఒక రోజు 5 గ్రాముల ఎంఎస్‌జీ, ఇంకో రోజు ఉత్తుత్తి మందు ఇచ్చారు. ఏ రోజు ఏది ఇచ్చారో తీసుకున్నవాళ్లకు తెలియదు. తలనొప్పి, తిమ్మిరి, వేడి ఆవిర్లు వంటి పది లక్షణాల్లో రెండైనా రెండు గంటల్లోపు వస్తేనే లెక్కలోకి తీసుకున్నారు.

50 మందికి ఎంఎస్‌జీ రోజే లక్షణాలు వచ్చాయి. 17 మందికి ఉత్తుత్తి మందు రోజే వచ్చాయి, 19 మందికి రెండు రోజులూ వచ్చాయి. ఇక్కడిదాకా చూస్తే మీ ఆడబిడ్డ మాటకు కొంత బలం ఉన్నట్టే. ఖాళీ కడుపున 5 గ్రాములు పడితే కొందరికి ఏదో అవుతోంది, మోతాదు పెంచితే అయ్యేవాళ్లూ పెరిగారు. కానీ అదే పరీక్షను అదే మనుషుల మీద మళ్లీ చేస్తే, మొదటిసారి ఎంఎస్‌జీకే స్పందించి మళ్లీ పరీక్షకు వచ్చినవాళ్లలో సగం మందికే రెండోసారీ వచ్చింది. ఇంకోసారి వడపోస్తే చివరికి ఇద్దరు మిగిలారు. ఆ ఇద్దరికీ భోజనంతో కలిపి మూడుసార్లు ఎంఎస్‌జీ, మూడుసార్లు ఉత్తుత్తిది ఇచ్చారు. ఇద్దరికీ మూడు ఎంఎస్‌జీల్లో ఒక్కసారి మాత్రమే లక్షణాలు వచ్చాయి. నిజంగా పడని వస్తువైతే ఇన్నిసార్లు మాట మార్చదు.

అమెరికా ప్రభుత్వం కోరగా 1995లో నిపుణులు ఇచ్చిన నివేదికా ఇంచుమించు ఇదే చెప్పింది. తిండి లేకుండా 3 గ్రాములు, అంతకు మించి తీసుకుంటే కొద్దిమందికి తలనొప్పి, తిమ్మిరి, మొహం వేడెక్కడం లాంటివి కాసేపు ఉండి పోవచ్చు. మీ ప్లేటులో పడేది దాదాపు దానిలో సగం, అదీ పావు కిలోకు పైగా ఉన్న నూడుల్స్‌తో కలిసి. కాబట్టి మీ తలనొప్పికి అజినోమోటో మొదటి అనుమానితుడు కాదని నా అభిప్రాయం.

మరి ఎవరు? మీ దూప దగ్గర మొదలుపెడదాం. ఉప్పులో వంద పాళ్లకు 39 పాళ్లు సోడియం. ఎంఎస్‌జీలో 12 పాళ్లే. ఇలాంటి ప్లేటుకు సాధారణంగా అర టీ చెంచా ఉప్పు, అంటే 3 గ్రాములు పడుతుంది అనుకుందాం. దాని నుంచి దాదాపు 1200 మిల్లీగ్రాముల సోడియం. ఒక టీ చెంచా సోయా సాస్ నుంచి 300. మీరు వేసే అజినోమోటో నుంచి 200. మొత్తం 1700. పెద్దవాళ్లకు రోజంతా కలిపి 2000 మిల్లీగ్రాముల సోడియం దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. మీరు పొద్దున ఇంట్లో తిన్న కూరలు, తొక్కులు అలా ఉండగా, రాత్రి పదకొండుకు దాదాపు రోజంతటి ఉప్పు ఒక్క ప్లేటులో తింటున్నారు. దూప కాకుండా ఎలా ఉంటుంది? అందులో ఎనిమిదింట ఒక వంతే అజినోమోటోది.

ఇక తల సంగతి. సాయంత్రం నుంచి పదకొండు దాకా పెద్ద మంట పక్కన, మిరపకాయ ఘాటులో నిలబడి, గిరాకీ మధ్యలో నీళ్లు తాగే తీరిక లేక, ఆకలితో ఉండి తినే మనిషికి తల నొయ్యడానికి ఏ పొడీ అక్కర్లేదు. అందులోనూ నల్లగొండ ఎండాకాలం! అందుకే ముందు పొడి జోలికి పోకుండా ఒక వారం ఇలా చేసి చూడండి. ఎనిమిది గంటలకల్లా ఏదైనా కొంచెం తినండి. పక్కన ఒక సీసా పెట్టుకుని బండి కట్టేలోపు దాన్ని ఖాళీ చేయండి. రాత్రి నూడుల్స్ ఎప్పటిలాగే, అజినోమోటోతోనే తినండి. తల నొచ్చిన రోజు, ఏ టైముకు మొదలైందో క్యాలెండర్ మీద రాసుకోండి. నొప్పి తగ్గిందంటే కారణం దొరికినట్టే.

తగ్గకపోతే రెండో వారం మీ ఆయనను కొన్ని రోజులు వేసి, కొన్ని రోజులు వేయకుండా చేసిపెట్టమనండి, ఏ రోజు ఏదో మీకు చెప్పొద్దు. ఇందులో ఒక చిక్కుంది. వేయని ప్లేటు చప్పగా ఉండి నాలుకకు దొరికిపోతుంది. అందుకే ఆ రోజు కొంచెం ఎక్కువ టమాట, ఉల్లి, మిరియాలు దట్టించమనండి. ఉప్పు మాత్రం పెంచొద్దు. పెంచితే మళ్లీ మొదటికొస్తుంది. రెండు గంటల తర్వాత ఎప్పుడో తెల్లవారుజామున వచ్చిన నొప్పిని ఈ లెక్కలో వేయకండి. పక్కా పరీక్షలంత నమ్మకం దీనికి ఉండదు గానీ, వేసిన రోజల్లా వచ్చి వేయని రోజు ఒక్కసారీ రాకపోతే మానేయండి, నష్టమేమీ లేదు. ఒక జాగ్రత్త మాత్రం. పెదాలు, మొహం వాచినా, దద్దుర్లు లేచినా, ఊపిరి ఆడకపోయినా ఈ ప్రయోగాలు కట్టిపెట్టి వెంటనే ఆస్పత్రికి పోవాలి. అలాంటిది సాధారణంగా గుడ్డు, పల్లీ, సోయా, రొయ్య లాంటివాటి అలర్జీ. అజినోమోటో మీద నెపం వేసుకుని కూర్చుంటే అసలుది తప్పించుకుంటుంది.

బాబు విషయంలో నేను మీ ఆయన వైపు పూర్తిగా లేను. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్య సమితి ఆహార సంస్థ కలిసి పెట్టిన నిపుణుల సంఘం 1987లో, దీనికి రోజుకు ఇంత అని అంకె పెట్టాల్సిన అవసరమే లేదంది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2017లో మళ్లీ పరిశీలించి, గ్లుటామిక్ ఆమ్లం లెక్కన ఒంటి బరువులో కిలోకు రోజుకు 30 మిల్లీగ్రాములు అని హద్దు గీసింది. జంతువుల్లో ఏ చెడూ కనిపించని మోతాదును దాదాపు నూరుతో భాగించి పెట్టిన హద్దు అది. కాబట్టి ఒకరోజు దాటితే ఏదో అయిపోతుందని టెన్షన్ పడాల్సింది లేదు. అయినా పిల్లల దగ్గర ఆ తక్కువ అంకెనే పట్టుకోవడం నాకిష్టం. మీ బాబు 22 కిలోలు ఉంటాడనుకుంటే రోజుకు 660 మిల్లీగ్రాములు. ఇప్పుడు మీరు చేసే ప్లేటు మొత్తం తింటే, ఆ పొడిలోని గ్లుటామిక్ ఆమ్లమే దానికి దాదాపు రెండు రెట్లు. రోజూ రాత్రి బండి మీద ప్లేటు వాడికి అలవాటు చేయకండి. ఇందులోనూ అజినోమోటో కంటే ఉప్పు, నూనె, మైదా నన్ను ఎక్కువ కలవరపెడతాయి. ఏడాది నిండని పిల్లలకు మాత్రం అసలే వద్దు. మన దేశంలో ఇది కలిపిన ప్యాకెట్ల మీద ఆ హెచ్చరిక రాయాలని నిబంధనే ఉంది.

ఇప్పుడు మీ ఆయన చేయాల్సింది. గరిట మూలతో గీరి వేయడం మానెయ్యమనండి. హడావుడిలో ఒక ప్లేటుకు అర గ్రాము, పక్క ప్లేటుకు మూడు గ్రాములు పడేది అలాగే. సాయంత్రం బండి తీసే ముందు కిరాణా త్రాసు మీద 50 గ్రాములు తూచి చిన్న డబ్బాలో పోసుకోవాలి. అరవై ప్లేట్లకు అదే. అయిపోతే ఆ రోజుకు అంతే. అప్పుడు ప్లేటుకు 0.8 గ్రాములు పడుతుంది. రుచి తగ్గుతుందని భయపడతాడేమో, ఈ పొడి కొంచెంలోనే పనిచేస్తుంది. తిండి బరువులో వందకు 0.1 నుంచి 0.8 పాళ్ల మధ్యే దాని రుచి, దాటితే వెగటు కొడుతుంది. ఉప్పునూ ఇలాగే తూచి 120 గ్రాముల డబ్బా పెట్టుకోవాలి, ప్లేటుకు 2 గ్రాములు. సూప్‌ల మీద చేసిన ప్రయోగాల్లో ఎంఎస్‌జీ ఉంటే ఉప్పు బాగా తగ్గించినా తినేవాళ్లకు తేడా తెలియలేదు. ఈ రెండు డబ్బాలతో ప్లేటులో సోడియం 1700 నుంచి 1200కు దిగుతుంది. అజినోమోటోను పూర్తిగా తీసేసి, చప్పదనం పోవడానికి ఇంకో చిటికెడు ఉప్పు, ఇంకో చెంచా సోయా సాస్ వేస్తే మాత్రం సోడియం పైకే పోతుంది. ‘మేం అజినోమోటో వాడం’ అని బోర్డు పెట్టిన చోట్ల చాలాసార్లు జరిగేది అదే.

మీ మామకు ఆ 1200 కూడా ఎక్కువే. ఆయన తినాలని ముచ్చటపడితే సోయా సాస్ లేకుండా, ఉప్పు ఒక గ్రాము లోపు, అజినోమోటో అర గ్రాముతో విడిగా చేసిపెట్టండి. సోడియం దాదాపు 450కి వస్తుంది. ఆయనకు బీపీ మందులు ఇస్తున్న డాక్టర్‌కు ఈ అంకె చెప్తే, ఎన్నాళ్లకోసారి తినొచ్చో ఆయనే చెప్తారు.

గిరాకీలో ఎవరైనా ‘అజినోమోటో వద్దన్నా’ అంటే వేయకుండా చేసివ్వమనండి. కానీ ఆ ప్లేటులో ఎంఎస్‌జీ అసలే లేదని మాత్రం మాట ఇవ్వొద్దు. సోయా సాస్‌లో సహజంగా ఉండేది ఎలాగూ ఉంటుంది. పైగా కొన్ని సాసుల్లో, మసాలా పొడుల్లో విడిగానూ కలుపుతారు, సీసా వెనక 621 అని ఉందేమో చూసుకోండి. ప్యాకెట్ నూడుల్స్ మీద ‘ఎంఎస్‌జీ కలపలేదు’ అన్న మాట 2015లో దేశమంతా పెద్ద గొడవైంది. ల్యాబ్‌లో పరీక్షిస్తే గ్లుటమేట్ ఎంతుందో తేలుతుంది గానీ, అది పొడిగా కలిపినదా, గోధుమ పిండి, ఉల్లి పొడి నుంచి వచ్చినదా అని తేల్చే పద్ధతి లేదని మన ఆహార భద్రతా సంస్థే 2016లో ఉత్తర్వుల్లో రాసింది. ల్యాబే చెప్పలేనిదాన్ని మీ ఆయన బండి దగ్గర నిలబడి ఒట్టేసి చెప్పడం ఎందుకు? ‘పొడి వేయలేదు, సాస్‌లో ఉండేది ఉంటుంది’ అనమనండి. ఆ మాటకు వెనక్కి తిరిగిపోయే గిరాకీ ఎక్కువ ఉండదు.